ఓపీ రిజిస్టరు షీటు: పని చేసే కుర్రాడికి పంపబోయే వివరం, ఒకసారి చూసి చెప్పండి

కొబ్బరితోట

అంబాజీపేట దగ్గర మాది చిన్న క్లినిక్కు. పడకలు లేవు, ఓపీ ఒక్కటే. మామూలు రోజుల్లో యాభై అరవై మంది వస్తారు, సోమవారం తొంభై దాటుతారు. ఇన్నాళ్లూ పొడుగాటి లెడ్జరు పుస్తకాల్లో రాశాం. పదకొండు పుస్తకాలు అయ్యాయి. మొన్న ఒక పెద్దాయన వచ్చి రెండేళ్ల కిందట మీరిచ్చిన మాత్రే బాగా పనిచేసిందన్నారు. అది ఏ మాత్రో వెతకడానికి మా కాంపౌండరు గారికి ముప్పావు గంట పట్టింది, ఆ ముప్పావు గంటా వరండాలో జనం నన్ను తిట్టుకున్నారు.

రాజమహేంద్రవరం కుర్రాడొకడు గూగుల్ షీట్సులో రిజిస్టరు చేసి పెడతానన్నాడు. ఏమేం కావాలో రాసి పంపమన్నాడు. రాసింది ఇది:

"ఒకే షీటు. ఒక రోగికి ఒక వరుస. వరుస నంబరు, తేదీ, పేరు, వయసు, ఆడ/మగ, ఫోను, ఊరు, జిల్లా, ఆధార్, జబ్బు, బీపీ, బరువు, ఫీజు, నగదా యూపీఐయా, మళ్లీ రావలసిన తేదీ. రెండోసారి వస్తే అదే వరుసలో పక్కన తేదీ 2, బీపీ 2, ఫీజు 2. ఇలా పన్నెండు సార్ల దాకా. ఫోను నంబరు కొడితే రోగి వివరాలు రావాలి. ఫీజు 300, వారంలోపు తిరిగి వస్తే ఉచితం, అది షీటే చూసుకోవాలి.

కావలసిన రిపోర్టులు: సాయంత్రానికి రోజు వసూలు. నెలలో ఎంతమంది రోగులు. బీపీ, సుగరు ఉన్నవాళ్లలో తేదీ దాటినా రానివాళ్లు, ఫోను నంబరుతో సహా. ఊరివారీగా జ్వరాలు."

పంపేముందు ఇలాంటి పని తెలిసినవాళ్లు ఒక చూపు చూస్తే మంచిది.

భీమవరం బాబు

చాలా బాగా రాశారండి. ముఖ్యంగా ఫోను నంబరు ఆలోచన సరైనది. పేర్లు కలుస్తాయి కాని ఫోను నంబరు ఎవరిది వాళ్లదే, పది అంకెలు, తప్పు కొడితే తెలిసిపోతుంది. దాన్నే రోగి నంబరుగా పెట్టేయండి, వేరే వరుస నంబరు దండగ.

షీటు మేస్త్రి

బాబు గారూ, వెతకడానికి ఫోను నంబరు మంచిదే. గుర్తింపుకు పనికిరాదు. ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో చాలా ఏళ్లు పనిచేసి చెబుతున్నాను.

డాక్టర్ గారూ, మీ లెడ్జరులో ఏదో ఒక ఊరు తీసుకుని ఒకే ఫోను ఎన్ని పేర్ల పక్కన ఉందో లెక్కపెట్టండి. ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. అత్తగారు వెంకటలక్ష్మి, అరవై రెండేళ్లు, సుగరు. కోడలు కూడా వెంకటలక్ష్మే, ముప్పై ఒకటి, థైరాయిడ్. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఫోను కూడా ఒకటే. కౌంటరు దగ్గర అమ్మాయి నంబరు కొడుతుంది, పైన వచ్చిన వెంకటలక్ష్మిని ఎంచుకుంటుంది. కోడలి బరువు, బీపీ అత్తగారి చరిత్రలో పడతాయి. మూడు నెలల తరువాత మీరు తెరిచి చూస్తే సుగరు మనిషి ఒక్కసారిగా పదమూడు కిలోలు తగ్గినట్టు కనబడుతుంది. మీరు కంగారుపడి పరీక్షలు రాస్తారు.

అందుకే క్లినిక్కే ఒక నంబరు ఇవ్వాలి. 0001 నుంచి మొదలుపెట్టండి, రోగి చేతిలో ఉండే ఓపీ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒకసారి ఇచ్చిన నంబరు మనిషి పోయినా ఇంకొకరికి ఇవ్వకూడదు. చీటీ మరిచిపోయి వచ్చినవాళ్ల కోసం ఫోనుతో వెతకండి. అప్పుడు పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన సంవత్సరం మూడూ కలిసి కనబడాలి, వాటిని చూసి అమ్మాయి ఎంచుకోవాలి.

ఇక అసలు పెద్ద మార్పు. ఒక రోగికి ఒక వరుస అనే పద్ధతి వదిలేయండి. రెండు షీట్లు కావాలి. PATIENTS అనే దానిలో మనిషికి ఒక వరుస: పేరు, సంవత్సరం, ఊరు, ఫోను. VISITS అనే దానిలో వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వరుస: తేదీ, రోగి నంబరు, బీపీ, బరువు, ఫీజు, మళ్లీ రావలసిన తేదీ. మీరు రాసినట్టు పక్కకు పెంచుకుంటూ పోతే రోజు వసూలు కోసం ఫీజు 1, ఫీజు 2 మొదలుకొని ఫీజు 12 దాకా పన్నెండు చోట్ల తేదీ చూసి కూడాలి. పదమూడోసారి వచ్చిన బీపీ మనిషిని ఎక్కడ రాస్తారు? నెలనెలా వచ్చేవాళ్లకు ఏడాదితోనే పన్నెండు అయిపోతాయి.

ఆధార్ తీసేయండి. మీరడిగిన నాలుగు రిపోర్టుల్లో ఒక్కదానికీ అది అక్కరలేదు. అక్కర లేనిది దాచుకుంటే కాపలా కాయడం అదనపు పని. జిల్లా కూడా వద్దు, మండలం చాలు. 2022లో జిల్లాలు మారాక పాత పుస్తకంలో తూర్పు గోదావరి, కొత్తదానిలో కోనసీమ అని ఉంటుంది, ఒకే ఊరు రెండుగా లెక్కకు వస్తుంది.

కొబ్బరితోట

మీరు చెప్పిన లెక్క ఇప్పుడే తీశాను. ఒక లంక గ్రామం, ఒక నెల. ముప్పై ఎనిమిది పేర్లు, పంతొమ్మిది ఫోను నంబర్లు. వాటిలో నాలుగు కువైట్‌లో ఉన్న కొడుకులవట. మా కౌంటరు అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. అంటే మందులకు రమ్మని మేము కబురు పంపితే అది ముందు గల్ఫ్ వెళ్లి, అక్కడి నుంచి అమ్మకు ఫోను వచ్చి, అప్పుడు ఆమె బయలుదేరాలి.

వెంకటలక్ష్ములు మా దగ్గర ఇద్దరు కాదండి, పద్నాలుగు మంది.

రెండు షీట్లు అన్నది అర్థమైంది. పుట్టిన సంవత్సరం మాత్రం ఎవరూ చెప్పరు. "అరవై ఉంటాయేమో బాబూ" అంటారు.

షీటు మేస్త్రి

వాళ్లు చెప్పిన వయసే అడగండి, రాసేటప్పుడు సంవత్సరంగా మార్చి రాయండి. 2025లో అరవై అంటే 1965. వయసు అలాగే రాస్తే పదేళ్ల తరువాత కూడా ఆయనకు అరవయ్యే. మరీ పెద్దవాళ్లయితే 86 వరదలకు పెళ్లయిందా, 96 తుఫానుకు పిల్లలు ఎంతవాళ్లు అని అడిగితే దగ్గరగా వస్తుంది. ఒకటి రెండేళ్లు తేడా ఉన్నా మీ పనికి అడ్డు రాదు.

రాజోలు రామం

డాక్టర్ గారూ నమస్కారం. మా నాన్నగారికి సుగరు మూడు వందల దాకా ఉంటోంది. సోమవారం తీసుకొస్తే మీరు ఎన్నింటికి ఉంటారు? టోకెను ముందుగా ఇస్తారా?

కొబ్బరితోట

రామం గారూ, ఇది రిజిస్టరు గురించిన చర్చండి. మూడు వందలు ఉంటే సోమవారం దాకా ఆగకండి, రేపు ఉదయమే దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపించండి. ఎవరి దగ్గరకు వెళ్లినా వేసుకుంటున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి.

మేతల కొట్టు

నాది రొయ్యల మేత వ్యాపారం, వైద్యం కాదు. కాని ఫీజు షీటే చూసుకోవాలి అన్న మాట చూసి ఆగిపోయాను. మా షీటులో ఒక మూల ధరల పట్టీ ఉండేది. ప్రతి బిల్లూ ఆ పట్టీ నుంచి ధర తీసుకునేది. మేత ధర పెరిగింది, పట్టీలో మార్చాను. ఆ రాత్రి చూస్తే గత సంవత్సరం బిల్లులన్నీ కొత్త ధరకు మారిపోయి ఉన్నాయి. చెరువు రైతులందరూ నాకు బాకీ ఉన్నట్టు చూపించింది. ఒక రైతుకు ఫోను చేసి అడిగాను కూడా. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

షీటు మేస్త్రి

మేతల కొట్టు గారు చెప్పినదే ఈ వివరంలో రెండో గుంట. డాక్టర్ గారి ఫీజు రేపు 400 అయితే పాత సంవత్సరం వసూళ్లన్నీ కదిలిపోకూడదు. ఆ రోజు గల్లాలో పడ్డ అంకె ఆ వరుసలో చేత్తో కొట్టిన అంకెగానే ఉండాలి, ఫార్ములాగా ఉండకూడదు.

అందుకని ఫీజుకు రెండు నిలువు వరుసలు అడగండి. "ఇవ్వవలసినది" షీటు లెక్కవేసి చూపిస్తుంది, అది సలహా మాత్రమే. "ఇచ్చినది" అమ్మాయి కొడుతుంది. వసూలు రిపోర్టు రెండో దాన్నే కూడాలి. మీరు డబ్బు వద్దన్న పేదవాళ్ల లెక్క కూడా ఈ రెంటి తేడాలో కనబడుతుంది.

తేదీకీ అదే నియమం. కొందరు తేదీ గడిలో TODAY() పెట్టేస్తారు. తెల్లవారి తెరిస్తే నిన్నటి రోగులందరూ ఈ రోజే వచ్చినట్టు ఉంటుంది. Ctrl మీద వేలు ఉంచి సెమీకోలన్ గుర్తు ; నొక్కితే ఆ రోజు తేదీ స్థిరంగా పడుతుంది, ఇక మారదు.

కొబ్బరితోట

మూడు రోజులు గడిచాయి. ఊరుకోలేక నేనే రెండు షీట్లు గీసి, గత రెండు నెలల బీపీ, సుగరు వాళ్లను ఎక్కించాను. రావలసిన తేదీ దాటినవాళ్లు కావాలని VISITS లో ఆ తేదీ ఈ రోజు కంటే ముందున్న వరుసలన్నీ తీశాను. అరవై ఒక్క పేర్లు వచ్చాయి. ఇంతమంది మందులు మానేశారా అని గుండె జారింది. మొదటి ఆమెకు ఫోను చేయించాను. "నిన్ననే కదండీ వచ్చాను, మీరే బీపీ చూశారు" అంది. ఎక్కడ తప్పింది?

షీటు మేస్త్రి

ఆమె నిన్న వచ్చింది నిజమే. కాని పోయిన నెల వరుసలో రావలసిన తేదీ అని రాసినది ఇంకా అక్కడే ఉంది, అది దాటిపోయింది కూడా. మీరు వరుసలను అడిగారు, అడగవలసింది మనుషులను. ప్రతి మనిషికీ చివరిసారి వచ్చిన వరుస ఏదో కనిపెట్టి, ఆ ఒక్క వరుసలోని తేదీనే చూడాలి.

VISITS లో A తేదీ, B రోగి నంబరు, H మళ్లీ రావలసిన తేదీ అనుకోండి. PATIENTS లో A రోగి నంబరు. J లో చివరి రాక, K లో ఆ రాకలో ఇచ్చిన గడువు:

```
J2:  =MAXIFS(VISITS!A:A, VISITS!B:B, A2)
K2:  =MAXIFS(VISITS!H:H, VISITS!B:B, A2, VISITS!A:A, J2)
```

రిపోర్టు షీటులో:

```
=FILTER(PATIENTS!A2:K, PATIENTS!K2:K>0, PATIENTS!K2:K<TODAY()-3)
```

మూడు రోజులు వదిలాను. వానకో పెళ్లికో ఒకటి రెండు రోజులు ఆలస్యమైనవాళ్లకు కూడా ఫోను చేస్తే విసుక్కుంటారు.

ఇందులో ఒక లోపం ఉంది, ముందే చెబుతున్నాను. చివరిసారి వచ్చినప్పుడు అమ్మాయి గడువు తేదీ రాయడం మరిచిపోతే K లో సున్నా పడుతుంది, ఆ మనిషి ఈ జాబితాలోకి ఎప్పటికీ రాడు. షీటు ఏ హెచ్చరికా ఇవ్వదు. అందుకే PATIENTS లో బీపీ/సుగరు అని గుర్తు పెట్టినవాళ్లలో K సున్నా ఉన్నవాళ్లను వేరే చిన్న జాబితాగా అడగండి. నేను చూసినంతలో మందులు మానేసినవాళ్లు ఎక్కువగా ఆ రెండో జాబితాలోనే దొరుకుతారు.

కొబ్బరితోట

అరవై ఒకటి పద్దెనిమిది అయింది. రెండో జాబితాలో ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకాయన మాత్రలు మానేసి రెండు నెలలైందట. "మీరు మళ్లీ రమ్మనలేదుగా" అన్నాడు. రమ్మన్నాను. రాయలేదంతే.

పాలకొల్లు నర్సు

అందరూ లెక్కలే మాట్లాడుతున్నారు. "జబ్బు" అనే గడి కౌంటరు దగ్గర తెర మీద ఉంటుందా? మా దగ్గర ఇలాగే ఉండేది. వరుసలో నిలబడ్డ ఒకాయన తెర వైపు తొంగి చూసి, పక్కింటి అబ్బాయికి క్షయ అని చదివాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఆ అబ్బాయి మళ్లీ మా దగ్గరకు రాలేదు, మందులు ఎక్కడ తీసుకున్నాడో, అసలు తీసుకున్నాడో లేదో తెలియదు.

భీమవరం బాబు

దానికేముందండి, ఆ నిలువు వరుసను దాచేసి, షీటుకు తాళం వేస్తే సరి. డాక్టరు గారికి మాత్రమే అనుమతి.

షీటు మేస్త్రి

వరండాలో తొంగి చూసేవాడికి దాచడం చాలు. కౌంటరులో కూర్చున్న మనిషికి చాలదు. షీటుకు వేసే తాళం రాయకుండా ఆపుతుంది, చదవకుండా ఆపదు. దాచిన వరుసలు కూడా ఫైలు తెరిచే అనుమతి ఉన్నవాళ్లు కావాలనుకుంటే చూడగలరు, నకలు తీసుకుంటే అందులోనూ వస్తాయి.

రెండు వేరు ఫైళ్లు కావాలి. కౌంటరు ఫైలులో పేరు, ఫీజు, గడువు, రోగి తన నోటితో చెప్పిన బాధ, అంటే జ్వరం, దగ్గు, కడుపు నొప్పి. డాక్టరు ఫైలులో రోగి నంబరు, జబ్బు పేరు, మందులు. డాక్టరు ఫైలు కౌంటరు ఫైలు నుంచి IMPORTRANGE తో తెచ్చుకోవాలి. దీన్ని తిరగేసి చేయకండి. కౌంటరు ఫైలుకు ఒకసారి డాక్టరు ఫైలు వైపు దారి తెరిస్తే, కౌంటరు ఫైలు దిద్దగలిగినవాళ్లు ఆ దారిన డాక్టరు ఫైలులో ఏ గడినైనా లాక్కోగలరు.

బీపీ/సుగరు గుర్తు ఎక్కడ ఉండాలన్నది నాకూ ఇబ్బందే. అది జబ్బే, కాని ఫోను చేసేది కౌంటరు అమ్మాయే. "నెలవారీ" అని మాత్రం రాసి సరిపెట్టిన చోట్లు ఉన్నాయి.

కొబ్బరితోట

చెప్పడానికి బాగుంది, చేసేదెవరు? రోగికి రోగికి మధ్య నాకు రెండు నిమిషాలు ఉండవు. నేను చీటీ మీద రాస్తాను, అమ్మాయి దాన్ని చూసి ఎక్కిస్తుంది. అంటే ఆమె ఎలాగూ చదువుతుంది. పదేళ్లుగా చదువుతూనే ఉంది, ఒక్క మాట బయటకు రాలేదు.

పాలకొల్లు నర్సు

ఆమె మంచిదే కావచ్చు డాక్టర్ గారూ. ఆమె మానేశాక వచ్చే అమ్మాయి మాటేమిటి?

కొబ్బరితోట

దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి తెరను గోడ వైపు తిప్పించాను.

గోదారిగట్టు

డాక్టర్ గారూ, ఆ రాజమహేంద్రవరం కుర్రాణ్ణి నేనే. లింకు ఎవరో పంపారు. మీరు ఇంకా వివరం పంపలేదు కాని నేను అంతా చదివేశాను. మొదటి వివరమే వచ్చి ఉంటే నేను అలాగే చేసి ఇచ్చేవాణ్ణి, నెల తిరక్కుండా ఇద్దరం గొడవపడేవాళ్లం.

నాకు కొన్ని సందేహాలు. "వారంలోపు ఉచితం" అన్నారు. ఒకటో తేదీన 300 ఇచ్చారు. ఏడున వచ్చారు, ఉచితం. పదమూడున మళ్లీ వచ్చారు. ఏడో తేదీ నుంచి లెక్కవేస్తే ఇదీ వారంలోపే, ఉచితం. ఒకటి నుంచి అయితే డబ్బు ఇవ్వాలి. ఏది? ఎనిమిదో తేదీన వస్తే వారంలోపా, బయటా? జ్వరానికి డబ్బు ఇచ్చిన మనిషి నాలుగో రోజున కాలికి మేకు గుచ్చుకుని వస్తే?

నెలకు ఎంతమంది రోగులు అన్నది కూడా తేల్చండి. ఒకే మనిషి నెలలో మూడుసార్లు వస్తే మూడా, ఒకటా? నేను రెండూ చూపిస్తాను, కాని పేర్లు వేరుగా పెడతాను: "రాకలు", "మనుషులు". B1 లో మొదటి తేదీ, B2 లో చివరి తేదీ ఉంటే మనుషుల లెక్క ఇది:

```
=COUNTUNIQUEIFS(VISITS!B:B, VISITS!A:A, ">="&B1, VISITS!A:A, "<="&B2)
```

ఇంకొకటి. మీరు గీసిన షీటులో File, Settings తెరిచి Locale చూడండి. United States అని ఉంటే 5/7 అని కొట్టినది మే 7 అవుతుంది, 13/7 అసలు తేదీయే కాదు, ఉత్త అక్షరాలుగా మిగులుతుంది. అలాంటి వరుసను MAXIFS పట్టించుకోదు, ఆ మనిషి రాలేదనే అనుకుంటుంది. గడిలో ఎడమవైపుకు ఆనుకుని ఉన్న తేదీలు చెడినవి. కుడివైపుకు ఉన్నవాటిని షీటు తేదీలుగానే తీసుకుంది, కాని 5/7 లాంటివాటిలో రోజు, నెల తారుమారై ఉండవచ్చు, అవీ ఒకసారి చూసుకోండి.

కొబ్బరితోట

ఎడమవైపు పదకొండు ఉన్నాయి నాయనా. పద్దెనిమిది మందిలో నలుగురు అలా దొంగలెక్కలో వచ్చినవాళ్లే. India అని మార్చి వాటిని మళ్లీ కొట్టించాను.

ఉచితం సంగతి మా కాంపౌండరు గారిని అడిగాను. ఎప్పుడూ చివరిసారి వచ్చిన తేదీ నుంచే లెక్కవేస్తున్నాం అన్నారు. అలాగైతే ప్రతి ఆరో రోజూ వచ్చేవాడు జన్మంతా ఉచితమే కదా అన్నాను. "అలాంటివాళ్లు ముగ్గురు ఉన్నారండి" అని పేర్లు చెప్పారు. చివరిసారి డబ్బు ఇచ్చిన తేదీ నుంచి లెక్క. ఎనిమిదో తేదీ కూడా లోపలే. కొత్త బాధతో వస్తే డబ్బు, కాని మేకు గుచ్చుకున్నవాణ్ణి కౌంటరు దగ్గర ఆపి బాధ కొత్తదా పాతదా అని వాదించమని నేను ఎవరికీ చెప్పలేను. అక్కడ "ఇచ్చినది" గడిలో అమ్మాయి ఏది కొడితే అదే.

మేతల కొట్టు

సాయంత్రం గల్లా సంగతి ఎవరూ ఎత్తలేదు. రిపోర్టులో నగదు మొత్తం ముందే కనబడితే, లెక్కపెట్టే మనిషి ఆ అంకె వచ్చేదాకా లెక్కపెడతాడు. ముందు నోట్లు లెక్కపెట్టి అంకె రాయించండి, తరువాత షీటు మొత్తం చూపించమనండి.

షీటు మేస్త్రి

మంచి మాట, కాని ఒకే ఫైలులో అది నిజంగా దాచలేరు. VISITS లో వరుసలు కూడితే ఎవరికైనా వస్తుంది. పద్ధతిగా పెట్టుకోండి, తాళంగా అనుకోకండి.

గోదారిగట్టు

అయితే నేను మొదలుపెడతాను. ఫైళ్లు మీ క్లినిక్కు ఖాతాలోనే తెరవండి, నాకు పని అయ్యేదాకా అనుమతి ఇచ్చి తరువాత తీసేయండి. నిజమైన రోగుల పేర్లు నాకు పంపకండి. కల్పించిన నలభై వరుసలు చాలు, కాని వాటిలో మీకు తలనొప్పి తెచ్చేవాళ్లు అందరూ ఉండాలి: ఒకే ఫోనున్న ఇద్దరు వెంకటలక్ష్ములు, గడువు రాయని మనిషి, ప్రతి ఆరో రోజూ వచ్చే మనిషి, ఫోను లేని మనిషి. ఊళ్ల పేర్ల పట్టీ కూడా మీరే ఇవ్వండి, ఒక్కొక్క ఊరికి ఒకే రాత. అమ్మాయి అందులో నుంచి ఎంచుకుంటుంది. లేకపోతే అంబాజీపేటకు మూడు రకాల జ్వరం వస్తుంది.

కొబ్బరితోట

ఊళ్ల పట్టీ ఈ రాత్రి పంపుతాను. నలభై వరుసలు కాంపౌండరు గారు రాస్తున్నారు. అందులో ఆ ముగ్గురి అసలు పేర్లే పెట్టారు, మార్పిస్తున్నాను.

పాత పదకొండు పుస్తకాలు ఎక్కించాలా వద్దా అన్నది మాత్రం మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. నెలవారీ వచ్చేవాళ్లవి మాత్రం ఎక్కిద్దామని నేను, అన్నీ ఎక్కిద్దామని ఆయన. కరెంటు పోయినప్పుడు ఎక్కడ రాస్తారు అని అడిగితే, పన్నెండో పుస్తకం నిన్ననే కొని తెచ్చానన్నారు.